కేస్-క్రాసోవర్ అధ్యయనం: ప్రతి వ్యక్తీ తనకు తానే కంట్రోల్

తీవ్రమైన ఎండ గుండెపోటు మరణాలను పెంచుతుందా అని మీరు పరిశీలిస్తున్నారనుకుందాం. కేస్-కంట్రోల్ పద్ధతిలో మరణించినవారిని అదే ఊరిలో జీవించి ఉన్నవారితో పోల్చాలి. అయితే ఊరందరికీ ఆ రోజు ఎండ ఒకటే. పైగా ఇరువురి వయస్సు, పొగ తాగే అలవాటు, మధుమేహం, ఇంటిపై రేకులున్నాయా స్లాబు ఉందా అన్నవి వేరుగా ఉంటాయి. వీటిలో చాలావాటి వివరాలు రికార్డుల్లో ఉండవు.

1991లో మాల్కం మెక్లూర్ ప్రతిపాదించిన కేస్-క్రాసోవర్ పద్ధతి ప్రశ్ననే మారుస్తుంది. ‘ఈ వ్యక్తికే ఎందుకు?’ అని కాక, ‘ఈ రోజే ఎందుకు?’ అని అడుగుతుంది. అందుచేత పోలిక మనుషుల మధ్య కాదు, ఒకే మనిషి రోజుల మధ్య జరుగుతుంది. నెల రోజుల్లో మారని లక్షణాలు రెండు వైపులా ఒకేలా ఉంటాయి కాబట్టి, వాటిని కొలవకపోయినా ఫలితం దెబ్బతినదు.

ఒక వ్యక్తి 2024 మే 22, బుధవారం మరణించాడనుకోండి. అది కేస్ రోజు. అదే నెలలోని మిగిలిన బుధవారాలు, అంటే 1, 8, 15, 29 తేదీలు, కంట్రోల్ రోజులు. వారం ఒకటే కావడం వల్ల పనిదినాలు, సెలవుల తేడా తొలగుతుంది.

ఇక్కడ మీకు సందేహం రావాలి. 29 నాటికి ఆ వ్యక్తి లేడు కదా! నిజమే, కాని అతడి మరణం వల్ల 29వ తేదీ ఉష్ణోగ్రత మారదు. గడిచిన రోజులనే తీసుకుంటే అసలు చిక్కు వస్తుంది. వేసవి ముదిరేకొద్దీ ఎండ పెరుగుతుంది కనుక, ఎండకు, మరణానికి సంబంధం లేకున్నా కేస్ రోజే ఎక్కువ వేడిగా కనిపిస్తుంది. కంట్రోల్ రోజులు నెలలో ఇరువైపులా ఉంటే ఈ దోషం చాలావరకు తగ్గుతుంది.

లెక్క సులభంగా ఉండేందుకు ఒక్కొక్కరికి ఒకే కంట్రోల్ రోజు ఉన్న 100 మందిని ఊహించుకుందాం. 30 మందికి కేస్ రోజు మాత్రమే తీవ్రమైన ఎండ. 15 మందికి కంట్రోల్ రోజు మాత్రమే. మిగతా 55 మందికి రెండు రోజులూ ఒకలాంటివే. ఆ 55 మంది ఏమీ చెప్పరు. ఆడ్స్ నిష్పత్తి 30 ÷ 15 = 2. కంట్రోల్ రోజులు ఒకటి కన్నా ఎక్కువైతే కండిషనల్ లాజిస్టిక్ రిగ్రెషన్ వాడతారు.

ఎండ, గాలి కాలుష్యం వంటి, రోజురోజుకూ మారి వెంటనే ప్రభావం చూపే ప్రేరకాలకే ఇది పనికి వస్తుంది. ఇరవై ఏళ్ల పొగతాగుడు ఏ బుధవారమైనా ఒకటే. గాలిలో తేమ మాత్రం రోజూ మారుతుంది కాబట్టి దానిని విడిగా కొలిచి లెక్కలో చేర్చాలి. రేకుల ఇల్లు ఎంత ప్రమాదకరమో ఈ పద్ధతి నేరుగా చెప్పలేదు. కాని రేకుల ఇళ్లవారికి, స్లాబు ఇళ్లవారికి నిష్పత్తులు వేరువేరుగా కట్టి చూస్తే, ఎండ ఎవరిని ఎక్కువ బాధిస్తోందో తెలుస్తుంది.