షార్ట్‌కి రెండు లక్షల వ్యూలు, మరి అసలు వీడియోకి?

కాకినాడలో ఇంట్లోనే కుట్టుపని నేర్పే ఒకావిడకు యూట్యూబ్ ఛానల్ ఉందనుకుందాం. లైనింగ్ బ్లౌజ్ కొలతలు తీసుకోవడం నుంచి హుక్కులు కుట్టడం దాకా అన్నీ చూపించే ఇరవై రెండు నిమిషాల వీడియో ఒకటి అందులో ఉంది. దానికి రోజుకు అరవై వ్యూలు వస్తున్నాయి. ఒకరోజు ఆవిడ చంక దగ్గర ముడతలు ఎందుకు పడతాయో ముప్పై ఐదు సెకన్లలో చెబుతూ ఒక షార్ట్ పెట్టింది. వారం తిరిగేసరికి దానికి రెండు లక్షల వ్యూలు. ఇంట్లో అందరికీ సంబరమే. కానీ ఆవిడకు నిజంగా కావలసిన జవాబు ఆ రెండు లక్షల అంకెలో దొరకదు. అంతమందిలో ఎందరు ఛానల్ పేజీ తెరిచారు? ఎందరు ఆ పెద్ద వీడియో దగ్గరికి వచ్చారు? వచ్చినవాళ్లు కూర్చుని చూశారా, ఒక నిమిషం చూసి వెళ్లిపోయారా?

ఇందులో డబ్బు లెక్క కూడా ఉంది. ప్రకటనల ఆదాయంలో వాటా రావాలంటే ఛానల్‌కు వెయ్యి మంది సబ్‌స్క్రైబర్లు ఉండాలి. దాంతోపాటు గత పన్నెండు నెలల్లో 4,000 గంటల వీక్షణ గానీ, తొంభై రోజుల్లో కోటి షార్ట్ వ్యూలు గానీ ఉండాలి. షార్ట్స్ ఫీడ్‌లో జనం చూసిన సమయం ఆ 4,000 గంటల్లో కలవదు. కోటి వ్యూలు అందరికీ అందేవి కావు కాబట్టి, చిన్న ఛానల్‌కు షార్ట్ అక్కరకొచ్చేది మనుషుల్ని పెద్ద వీడియో దాకా తెచ్చినప్పుడే.

షార్ట్ నుంచి పెద్ద వీడియోకి వెళ్లే దారి ఒకప్పుడున్నట్టు ఇప్పుడు లేదు. 2020 జూన్ చివర్లో మన దేశంలో టిక్‌టాక్‌ను నిషేధించారు. ఆ సెప్టెంబరులోనే యూట్యూబ్ షార్ట్స్‌ను ప్రయోగాత్మకంగా ముందు ఇక్కడే మొదలుపెట్టింది. అప్పట్లో షార్ట్ కింద వివరణలోనో కామెంట్‌లోనో లింకు పెడితే చాలు, నొక్కగానే వీడియో తెరుచుకునేది. మోసపు లింకులు ఎక్కువవడంతో 2023 ఆగస్టు 31 నుంచి ఆ లింకులను నొక్కినా పనిచేయకుండా చేశారు. ఈ సంగతి తెలియక ఇప్పటికీ చాలామంది షార్ట్ చివర 'లింక్ డిస్క్రిప్షన్‌లో ఉంది, చూడండి' అని చెబుతూనే ఉన్నారు. చూసేవాళ్లు వివరణ తెరుస్తారు, లింకు నొక్కుతారు, ఏమీ జరగదు, వేలితో పైకి తోసి తర్వాతి షార్ట్‌కి వెళ్లిపోతారు.

లింకుల బదులు వచ్చిన సదుపాయం Related video. యూట్యూబ్ స్టూడియోలో షార్ట్ వివరాలు తెరిచి, ఆ పేరున్న చోట మన పెద్ద వీడియోను ఎంచుకోవాలి. అప్పుడు షార్ట్ ఆడుతున్నప్పుడు తెర కింది భాగంలో ఆ వీడియో పేరు చిన్న లింకుగా కనిపిస్తుంది. ఒక షార్ట్‌కు ఒక్క వీడియోనే జోడించగలం. కాబట్టి షార్ట్‌లో ఏ సందేహం లేవనెత్తామో, దానికి జవాబున్న వీడియోనే ఎంచుకోవాలి. చంక ముడతల షార్ట్‌కు పట్టుపావడా వీడియో తగిలిస్తే లెక్క చూడకముందే ఫలితం తెలిసిపోతుంది.

ఇక కొలత సంగతి. ఫలానా షార్ట్ చూసిన ఇంతమంది ఛానల్ పేజీకి వెళ్లారు, అక్కడి నుంచి ఇంతమంది ఫలానా వీడియో తెరిచారు అని వరసగా చూపించే పట్టిక స్టూడియోలో లేదు. ఒక్కొక్క మనిషి ఎటు నుంచి ఎటు నడిచాడో యూట్యూబ్ ఛానల్ యజమానికి చెప్పదు. అందుకే లెక్కను వెనక నుంచి, అంటే పెద్ద వీడియో వైపు నుంచి మొదలుపెట్టాలి. ఆ వీడియో అనలిటిక్స్‌ను Advanced modeలో తెరిచి Traffic source ఎంచుకుంటే, వ్యూలు ఎక్కడెక్కడి నుంచి వచ్చాయో వరసలుగా కనిపిస్తుంది. వెతికి వచ్చినవాళ్లు, ఛానల్ పేజీ నుంచి వచ్చినవాళ్లు, వేరే వీడియో పక్కన చూసి వచ్చినవాళ్లు, షార్ట్‌లోని లింకు నొక్కి వచ్చినవాళ్లు ఇలా విడివిడిగా ఉంటారు. ప్రతి వరస పక్కనా వ్యూలు, మొత్తం చూసిన సమయం, సగటున ఒక్కో వ్యూకి ఎంతసేపు చూశారన్నది ఉంటాయి. ఈ మూడో అంకె దగ్గర చాలామంది ఆగరు. ఆగాల్సింది అక్కడే.

మన కాకినాడ ఆవిడ లెక్కను ఒక ఊహాత్మక ఉదాహరణగా చేసి చూద్దాం. షార్ట్ పెట్టకముందు వారంలో పెద్ద వీడియోకి ఛానల్ పేజీ నుంచి 35 వ్యూలు, వెతుకులాట నుంచి 240 వ్యూలు వచ్చాయి. షార్ట్ పెట్టాక వారంలో షార్ట్ లింకు నుంచి కొత్తగా 640 వ్యూలు వచ్చాయి. ఛానల్ పేజీ నుంచి వచ్చినవి 210కి పెరిగాయి. వెతుకులాటవి 250, దాదాపు ఎప్పటిలాగే ఉన్నాయి. అంటే షార్ట్ ఖాతాలో రాసుకోదగ్గవి లింకు నుంచి 640, ఛానల్ పేజీ నుంచి అదనంగా వచ్చిన 175. మొత్తం 815.

ఈ 815ని దేనితో పోల్చాలి? రెండు లక్షలతో కాదు. 2025 మార్చి 31 నుంచి షార్ట్ ఆడటం మొదలైతే చాలు, మళ్లీ తిరిగి మొదలైనా సరే, యూట్యూబ్ దాన్ని ఒక వ్యూగా లెక్కిస్తోంది. అరక్షణం కనబడి పైకి వెళ్లిపోయిన షార్ట్ కూడా అందులో ఉంటుంది. కాసేపైనా ఆగి చూసినవాటిని విడిగా Engaged views అని చూపిస్తారు. ఆ తేదీకి ముందున్న పాత లెక్క ఇదే. ఈ సంగతి మరిచి 2024 నాటి షార్ట్‌ను ఇప్పటి షార్ట్‌తో వ్యూల్లో పోలిస్తే, ఏమీ మారకపోయినా జనం పెరిగిపోయారని అనిపిస్తుంది. ఆవిడ షార్ట్‌కు ఆగి చూసిన వ్యూలు 1,10,000 అనుకుంటే, అందులో 815 అంటే నూటికి ముప్పావు వంతు కూడా లేదు. వ్యూలు వేరు, మనుషులు వేరు కాబట్టి ఇది సుమారు లెక్కే. కానీ వారం వారం ఒకే పద్ధతిలో వేస్తే, ఏ షార్ట్ మనుషుల్ని తెస్తోందో పోల్చి చూడటానికి ఇది చాలు.

ఇప్పుడు సగటు సమయం వరస చూడాలి. షార్ట్ లింకు నొక్కి వచ్చినవాళ్లు సగటున 2 నిమిషాల 10 సెకన్లు చూశారు. ఛానల్ పేజీ మీదుగా వచ్చినవాళ్లు 7 నిమిషాల 40 సెకన్లు చూశారు. లింకు నుంచి వచ్చిన 640 వ్యూలు కలిపితే సుమారు 23 గంటలు. ఛానల్ పేజీ నుంచి అదనంగా వచ్చిన 175 వ్యూలూ ఆ సగటునే సాగాయనుకుంటే అవి 22 గంటలకు పైమాటే. నాలుగో వంతు కూడా లేని గుంపు దాదాపు అంతే సమయం తెచ్చిపెట్టింది. కారణం ఊహించడం కష్టం కాదు. లింకు నొక్కడానికి ఒక్క క్షణపు కుతూహలం చాలు. ఛానల్ పేరు నొక్కి, పేజీలో జారుతూ, షార్ట్స్ వరస దాటి, ఆ బ్లౌజ్ వీడియోను తానే వెతికి పట్టుకున్న మనిషికి నేర్చుకోవాలన్న పట్టుదల ఉంది.

రెండు నిమిషాల పది సెకన్లలో ఆ వీడియోలో ఏముందన్నది మరో ఆధారం. మొదటి రెండు నిమిషాలు ఆవిడ పలకరింపు, కావలసిన గుడ్డ వివరాలు చెప్పింది. చంక కొలత వచ్చేది తొమ్మిదో నిమిషంలో. షార్ట్‌లో చంక ముడతల గురించి విని వచ్చిన మనిషికి రెండు నిమిషాలైనా ఆ మాటే వినబడలేదు. వీడియో మొదట్లోనే 'చంక కొలత తొమ్మిదో నిమిషంలో చూపిస్తాను' అని ఒక్క మాట చెప్పడం, వివరణలో సమయాల జాబితా పెట్టడం ఇక్కడి మందు. పెద్ద వీడియోను మళ్లీ తీయకుండా ముందుగా చేయదగ్గది సమయాల జాబితా. అది పెట్టాక వచ్చే వారంలో లింకు వరస సగటు కదిలిందా లేదా చూడాలి.

ఈ లెక్క తప్పుదారి పట్టే సందర్భాలూ ఉన్నాయి. శ్రావణ మాసం ముందో పెళ్లి ముహూర్తాల సమయంలోనో షార్ట్ పెడితే, బ్లౌజ్ కటింగ్ కోసం వెతికేవాళ్లే పెరుగుతారు. అప్పుడు ఛానల్ పేజీకి వచ్చేవాళ్లూ పెరుగుతారు. అందుకే పై లెక్కలో వెతుకులాట వరస కదలలేదని చూడటం ముఖ్యం. అది కూడా పెరిగి ఉంటే పెరుగుదలంతా షార్ట్ పుణ్యమని రాసుకోకూడదు. ఇంకా గట్టిగా తేల్చుకోవాలంటే, ఏ షార్ట్‌కూ తగిలించని మరో పెద్ద వీడియోను, ఉదాహరణకు పిల్లల గౌను వీడియోను, అదే వారాల్లో పక్కన పెట్టి చూడాలి. రెండూ ఒకేలా పెరిగితే అది కాలం వల్లే.

ఇక ఆలస్యంగా వచ్చేవాళ్ల సంగతి. ఈరోజు షార్ట్ చూసి ఊరుకున్న మనిషికి పది రోజుల తర్వాత యూట్యూబ్ హోమ్ పేజీలో ఆవిడ పెద్ద వీడియో కనబడి నొక్కవచ్చు. ఆ వ్యూ Browse features వరసలో పడుతుంది, షార్ట్ పేరు ఎక్కడా ఉండదు. ఇలాంటివాళ్ల జాడ కొంత తెలిపేది Viewers across formats అనే పటం. షార్ట్స్ మాత్రమే చూసినవాళ్లు, పెద్ద వీడియోలు మాత్రమే చూసినవాళ్లు, రెండూ చూసినవాళ్లు ఎంతమందో అది చూపిస్తుంది. కానీ ఎవరు ఏది ముందు చూశారో చెప్పదు. ఎప్పటి నుంచో పెద్ద వీడియోలు చూస్తున్న పాత శిష్యురాళ్లకే కొత్త షార్ట్ కనబడినా రెండూ చూసినవాళ్ల సంఖ్య పెరుగుతుంది. అది పెరిగినప్పుడు పెద్ద వీడియోల ప్రేక్షకుల మొత్తం కూడా పెరిగిందా అని చూడాలి. మొత్తం అలాగే ఉండి, కలిసిన భాగం మాత్రమే ఉబ్బితే షార్ట్ కొత్తవాళ్లను తేలేదు, ఉన్నవాళ్లకే కాలక్షేపం అయింది.

సబ్‌స్క్రైబర్ల సంఖ్యనూ ఇదే పద్ధతిలో చూడాలి. ఏ షార్ట్ ఎందరిని తెచ్చిందో స్టూడియో చెబుతుంది. ఆవిడకు ఆ వారంలో తొమ్మిది వందల మంది చేరినా, పెద్ద వీడియోలను సబ్‌స్క్రైబర్లు చూసిన సమయం అంతకుముందు నెల ఎంతో ఈ నెలా అంతే ఉంటే, ఆ చేరినవాళ్లు షార్ట్స్ కోసమే చేరారన్నమాట.

ఒక పెద్ద వీడియోకి వచ్చినవాళ్లు రెండోదానికీ వెళ్లారా అన్నది చివరి మెట్టు. షార్ట్‌కు ఎండ్ స్క్రీన్ పెట్టే వీలు లేదు, పెద్ద వీడియోకి ఉంది. ఆవిడ బ్లౌజ్ కటింగ్ వీడియో చివర చేతుల కటింగ్ వీడియోను పెట్టి, ఆ రెండో వీడియో ట్రాఫిక్‌లో End screens వరస తెరిస్తే ఏ వీడియో నుంచి ఎన్ని వ్యూలు వచ్చాయో కనబడుతుంది. షార్ట్‌కు ముందు నాలుగు వారాలు, తర్వాత నాలుగు వారాలు ఆ అంకెను పక్కపక్కన రాసుకోవాలి. చివరి రెండు మూడు రోజుల లెక్కలు ఇంకా పూర్తిగా చేరి ఉండవు కాబట్టి వాటిని వదిలేసి కూడాలి.