కెమెరా శాంపిల్స్‌తో పాటు ఇంటి అడ్రస్ కూడా పెట్టేశా

రెండు నెలల క్రితం ఒక ఫోన్ రివ్యూ కోసం తీసిన 42 ఫోటోలను మా టెలిగ్రామ్ గ్రూపులో పెట్టాను. ఫోటోలుగా పంపితే టెలిగ్రామ్ కంప్రెస్ చేస్తుంది, డీటెయిల్ పోతుంది, జూమ్ చేసి చూసేవాళ్లు నన్ను తిడతారు. అందుకే ఎప్పటిలాగే ఫైల్స్‌గా పంపాను. గంటన్నర తర్వాత గ్రూపులో ఒక కుర్రాడి నుంచి పర్సనల్ మెసేజ్: "అన్నా, మీరు నార్సింగిలో ఫలానా కమ్యూనిటీలో సీ టవర్ కదా? 20 పైన ఫ్లోర్ అనుకుంటా. ఫైల్స్‌లో జీపీఎస్ ఉంది, తీసేయండి."

మంచోడు కాబట్టి చెప్పాడు. గ్రూపులో ఇంకా మూడు వేల మంది ఉన్నారు.

నాకంటే మా అక్కకి ఇది పెద్ద సమస్య. మేమిద్దరం ఒకే ఫ్లాట్‌లో ఉంటాం. అంతకుముందు తను కూకట్‌పల్లిలో హాస్టల్‌లో ఉండేది. పాత ఆఫీసులో పరిచయమైన ఒకడు రోజూ హాస్టల్ కిందకొచ్చి నిలబడేవాడు. షీ టీమ్స్‌కి కంప్లైంట్ ఇస్తే వాళ్లు పిలిచి మాట్లాడారు, ఆగాడు. అయినా నంబర్ మార్చింది, ఇల్లు మార్చింది, కొత్త అడ్రస్ చుట్టాలకి కూడా సరిగా చెప్పలేదు. విషయం చెప్పగానే తను అన్న ఒకే మాట: "నేను ఇల్లు మారింది ఎందుకు రా మరి?"

ఫైల్స్ డిలీట్ చేశాను. కానీ ఆ గంటన్నరలో ఎవరు డౌన్‌లోడ్ చేసుకున్నారో చూసే దారి లేదు. ఆ రాత్రి కూర్చుని, నా ఫోటోల నుంచి నా ఇంటిని బయటివాడిలా వెతికితే ఎంత దూరం వెళ్లొచ్చో చూశాను. (ఈ ఆర్టికల్‌లో ఇంటి వివరాలు కొన్ని మార్చాను, మళ్లీ అదే తప్పు చేయను.)

మొదటి అడుగుకి తెలివితేటలేమీ అక్కర్లేదు. ఫోన్ కెమెరాలో లొకేషన్ ఆన్‌లో ఉంటే ప్రతి ఫోటో ఫైల్‌లో ఎక్సిఫ్ అనే సమాచారంలో భాగంగా అక్షాంశం, రేఖాంశం, తీసిన టైమ్, కొన్ని ఫోన్లలో కెమెరా ఏ దిక్కుకి చూస్తోందో కూడా రాసి ఉంటాయి. ల్యాప్‌టాప్‌లో ఒక్క కమాండ్ చాలు:

```
exiftool -gps:all IMG_0412.jpg
```

అక్షాంశంలో ఒక సెకను తేడా అంటే నేల మీద దాదాపు 31 మీటర్లు. ఫైల్‌లో సెకనులో వందో వంతు దాకా రాసి ఉంటుంది. అంటే నంబర్ ముప్పై సెంటీమీటర్ల లెక్కలో కనిపిస్తుంది. కానీ ఫోన్ జీపీఎస్ అంత కచ్చితంగా ఉండదు. ఆకాశం బాగా కనిపించే చోట ఐదారు మీటర్లు, ఇంట్లో అయితే ముప్పై నలభై మీటర్లు కూడా తప్పొచ్చు. చాలామంది ఇక్కడే "ఏం కాదులే, పక్క బిల్డింగ్ చూపిస్తుంది" అనుకుంటారు. నేనూ అనుకున్నాను.

42 ఫోటోల జీపీఎస్ నంబర్లను మ్యాప్ మీద పెట్టాను. గండిపేట చెరువు దగ్గర కొన్ని, ఒక బిర్యానీ హోటల్లో కొన్ని, ఆఫీసు దారిలో కొన్ని. మిగతా 26 ఒకే చోట గుంపుగా పడ్డాయి. ఒక్కో చుక్క అటూ ఇటూ జరిగినా గుంపు మధ్యలో మా టవరే ఉంది. టైమ్ చూస్తే ఆ 26లో కొన్ని పొద్దున ఆరున్నరకి, కొన్ని రాత్రి పదకొండు దాటాక తీసినవి. ఆ రెండు టైములకీ మనిషి ఎక్కడుంటాడో చెప్పాల్సిన పనిలేదు. ఒక్క ఫోటో అంటే ఒక చుక్క మాత్రమే. ఫోల్డర్ మొత్తం ఇస్తే అది దినచర్య.

ఇలా దొరికిపోయిన వాళ్లలో పేరున్న మనిషి జాన్ మెకాఫీ. అవును, ఆ యాంటీవైరస్ మెకాఫీయే. 2012 డిసెంబర్‌లో బెలీజ్ పోలీసుల నుంచి తప్పించుకుని తిరుగుతుంటే, ఆయనతో ఉన్న వైస్ పత్రిక వాళ్లు ఒక ఐఫోన్ ఫోటో పెట్టారు. దాని ఎక్సిఫ్‌లో గ్వాటెమాలాలో ఉన్న చోటు అలాగే ఉండిపోయింది. సెక్యూరిటీ సాఫ్ట్‌వేర్ అమ్మిన మనిషి చోటే అలా బయటపడిందంటే, నా సంగతి చెప్పక్కర్లేదు.

ఇప్పుడు ఒక గందరగోళం క్లియర్ చేయాలి. ఇన్‌స్టాగ్రామ్, ఫేస్‌బుక్, ఎక్స్‌లో పోస్ట్ చేస్తే అవతలివాళ్లకి కనిపించే కాపీలో జీపీఎస్ ఉండదు, వాళ్లు తీసేస్తారు. వాట్సాప్‌లో, టెలిగ్రామ్‌లో మామూలు ఫోటోగా పంపినా పోతుంది. ఉండిపోయేది ఒరిజినల్ ఫైల్ అలాగే వెళ్లినప్పుడు: వాట్సాప్‌లో డాక్యుమెంట్‌గా, టెలిగ్రామ్‌లో ఫైల్‌గా, గూగుల్ డ్రైవ్ లింక్‌గా, ఈమెయిల్ అటాచ్‌మెంట్‌గా. మనలాంటి వాళ్లకి ఇదే ఇబ్బంది. క్వాలిటీ పోకూడదని పట్టుబట్టేది మనమే కదా.

సరే, జీపీఎస్ తీసేశాను అనుకుందాం. నా 42 ఫోటోల్లో 9 బాల్కనీ నుంచి తీసినవి. జూమ్ ఎంత వస్తుందో చూపించడానికి బాల్కనీ కంటే మంచి చోటు లేదు. ఇక్కడ నుంచి ఆట నిజంగా మొదలవుతుంది.

ఫోటోలో ముందు ఒక వాటర్ ట్యాంక్ ఉంది, దాని వెనక సరిగ్గా అదే గీతలో దూరంగా ఒక టవర్ అంచు ఉంది. మ్యాప్‌లో ఆ రెండింటినీ కలుపుతూ గీత గీసి ఇటు వైపు పొడిగిస్తే, కెమెరా ఆ గీత మీదే ఎక్కడో ఉండాలి. అదే ఫోటోలో పక్కన ఔటర్ రింగ్ రోడ్ మీద సైన్‌బోర్డు, దాని వెనక ఇంకో బిల్డింగ్ మూల ఒకే వరసలో ఉన్నాయి. రెండో గీత. రెండూ కలిసిన చోట మా టవర్. నాకు ఇరవై నిమిషాలు పట్టింది, అదీ శాటిలైట్ మ్యాప్‌లో కొత్త బిల్డింగులు కొన్ని లేనందువల్ల. రోడ్డు స్థాయిలో పోల్చుకోవాలంటే స్ట్రీట్ వ్యూ ఉంది. 2022 జులైలో గూగుల్ దాన్ని ఇండియాలో పది నగరాల్లో మొదలుపెట్టినప్పుడు హైదరాబాద్ ఆ మొదటి పదిలోనే ఉంది.

ఫ్లోర్ ఎలా తెలిసిందని ఆ కుర్రాణ్ని అడిగాను. ఎక్సిఫ్‌లో ఎత్తు కూడా ఉంటుంది కానీ అది పదుల మీటర్లు తప్పుతుంది, దాన్ని నమ్మలేదన్నాడు. ఎదురు టవర్ బాల్కనీలు చూశాడట. మన కంటికన్నా కింద ఉన్న బాల్కనీల గచ్చు పైభాగం కనిపిస్తుంది. పైన ఉన్నవాటి అడుగుభాగం కనిపిస్తుంది. మధ్యలో ఒకటి పైనా కిందా ఏదీ కనిపించకుండా ఒక సన్నటి గీతలా ఉంటుంది. అదే కెమెరా ఎత్తు. ఎదురు టవర్‌లో కింద నుంచి అక్కడిదాకా లెక్కపెట్టడమే. ఎదురు టవర్ పునాది కాస్త ఎత్తులోనో పల్లంలోనో ఉంటే ఒకటి రెండు ఫ్లోర్లు తేడా వస్తుంది. నార్సింగి, కోకాపేటలో ముప్పై అంతస్తులు దాటిన టవర్లు ఎదురెదురుగా లేస్తున్నాయి కాబట్టి లెక్కపెట్టుకోవడానికి ఎప్పుడూ ఒక ఎదురు టవర్ ఉంటుంది.

ఇదంతా అతిగా అనిపిస్తే 2019లో జపాన్‌లో జరిగింది గుర్తు తెచ్చుకోండి. ఒక యువ గాయని సెల్ఫీలో ఆమె కంటిపాపలో పడిన రైల్వే స్టేషన్ ప్రతిబింబాన్ని ఒకడు జూమ్ చేసి, స్ట్రీట్ వ్యూలో ఆ స్టేషన్ కనుక్కుని, అక్కడి నుంచి వెంబడించి ఆమె మీద దాడి చేశాడు. ఇంట్లో తీసిన వీడియోల్లో కర్టెన్లు, వెలుతురు పడే దిక్కు చూసి ఫ్లాట్ ఎక్కడుందో ఊహించాడు. ఇప్పుడు ఫోన్లలో 200 మెగాపిక్సెల్ సెన్సార్లు వస్తున్నాయి, ప్రతిబింబాలు ఇంకా స్పష్టంగా ఉంటాయి.

కాబట్టి ఏం తీసేయాలి? మొదట మూలంలోనే ఆపండి. శాంసంగ్‌లో కెమెరా సెట్టింగ్స్‌లో లొకేషన్ ట్యాగ్స్, మిగతా ఆండ్రాయిడ్ ఫోన్లలో సేవ్ లొకేషన్ లాంటి పేరుతో ఉంటుంది, ఆఫ్ చేయండి. ఐఫోన్‌లో సెట్టింగ్స్, ప్రైవసీ అండ్ సెక్యూరిటీ, లొకేషన్ సర్వీసెస్, కెమెరా, నెవర్. టూర్ ఫోటోలకి లొకేషన్ కావాలి అనుకునేవాళ్లు ఐఫోన్‌లో షేర్ చేసేటప్పుడు పైన ఆప్షన్స్ నొక్కి లొకేషన్ మాత్రం తీసేయొచ్చు. అయితే ఇది ఆ ఒక్క షేర్‌కే, ప్రతిసారీ గుర్తుండాలి. నా అనుభవంలో గుర్తుండదు.

పాత ఫోటోలకి, రివ్యూ శాంపిల్స్‌కి నేను వాడేది ఇది. ఐఎస్ఓ, షట్టర్ స్పీడ్ వంటివి అలాగే ఉంటాయి, జీపీఎస్ మాత్రమే పోతుంది. ఫోల్డర్ పేరు ఇస్తే లోపల ఉన్న అన్నింటికీ పనిచేస్తుంది:

```
exiftool -gps:all= -xmp:geotag= samples/
```

ఇది ప్రతి ఒరిజినల్‌కి చివర `_original` తగిలించి పక్కన బ్యాకప్ ఉంచుతుంది. తొందరలో ఫోల్డర్ మొత్తం జిప్ చేసి పంపితే జీపీఎస్ ఉన్న కాపీలు కూడా వెళ్లిపోతాయి. అప్‌లోడ్ చేసే ముందు పైన ఇచ్చిన మొదటి కమాండ్ మళ్లీ నడపండి, ఏమీ రాకపోతే సరే. మోషన్ ఫోటో మాత్రం ఆఫ్ చేసి ఉంచండి. షట్టర్ నొక్కకముందు రెండు మూడు సెకన్ల వీడియో ఆ జేపెగ్ లోపలే దాక్కుని ఉంటుంది, ఈ కమాండ్ దాన్ని ముట్టుకోదు.

అన్‌బాక్సింగ్ చేసేవాళ్లకి ఇంకొకటి. పార్సిల్ లేబుల్ మీద పేరు, అడ్రస్ కనపడకుండా గీస్తాం, పక్కన బార్‌కోడ్ వదిలేస్తాం. మొత్తం లేబుల్ చింపేసి షూట్ చేయండి, అంతకన్నా తేలిక లేదు. ఎడిటింగ్‌లో దాచాల్సి వస్తే ఫోన్‌లోని హైలైటర్ పెన్ వద్దు, అది సగం పారదర్శకం, బ్రైట్‌నెస్ పెంచితే కింద అక్షరాలు బయటికొస్తాయి. నిండు రంగు డబ్బా పెట్టండి. క్రాప్‌ని కూడా గుడ్డిగా నమ్మలేం. పిక్సెల్ ఫోన్లలో మార్కప్‌తో కత్తిరించిన స్క్రీన్‌షాట్ల నుంచి తీసేసిన భాగాన్ని వెనక్కి తెచ్చే లోపం 2023లో బయటపడింది. ఆ మార్చి అప్‌డేట్‌లో సరిచేశారు కానీ అంతకుముందే పెట్టేసిన బొమ్మలు అలాగే ఉన్నాయి.

స్పీడ్‌టెస్ట్ స్క్రీన్‌షాట్లలో వైఫై పేరు కూడా చూసుకోండి. `wigle.net`లో జనం నమోదు చేసిన నెట్‌వర్క్ పేర్లు మ్యాప్ మీద వెతుక్కోవచ్చు. మా టవర్‌లో సగం మంది ఫ్లాట్ నంబర్‌నే వైఫై పేరుగా పెట్టుకున్నారు!

బాల్కనీ ఫోటోలకి మాత్రం సాఫ్ట్‌వేర్ మందు లేదు. బ్లర్ చేస్తే జూమ్ శాంపిల్‌కి అర్థమే ఉండదు. అందుకే ఇప్పుడు జూమ్ టెస్టులన్నీ గండిపేట కట్ట మీద చేస్తున్నాను. పొద్దున్నే లేచి స్కూటర్ మీద వెళ్లాలి, అదొక్కటే బాధ. ఇంట్లో తీసిన శాంపిల్స్ అప్‌లోడ్ అయ్యే ముందు అక్క ఒకసారి చూస్తుంది. పోయిన వారం మిక్సీ గిన్నె మీద పడిన కిటికీ ప్రతిబింబం చూసి ఒకటి పక్కన పెట్టించింది. నాకైతే అది అస్సలు కనపడలేదు.