ఆ ఘాతం అవతల ఏముంది?

ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో ఇంజనీరింగ్ సీటు కోసం ఈఏపీసెట్ రాసే విద్యార్థికి 180 నిమిషాల్లో 160 ప్రశ్నలు ఎదురవుతాయి. వాటిలో 80 లెక్కలవే. సగటున ఒక్కో ప్రశ్నకు దక్కేది నిమిషం మీద ఏడెనిమిది సెకన్లు. ఇంటర్ రెండో ఏడాది అవకలన సమీకరణాల పాఠం నుంచి ఆర్డర్, డిగ్రీ అడిగే ప్రశ్న వస్తే ఆ కాస్త సమయం కూడా అక్కర్లేదని చాలామంది అనుకుంటారు. అచ్చులో కనిపించిన అతి పెద్ద డెరివేటివ్ ఆర్డర్, దాని మీదున్న ఘాతం డిగ్రీ, అంతే కదా అని ఆప్షన్ నొక్కేస్తారు. ఆర్డర్ విషయంలో ఈ పద్ధతి దాదాపు ఎప్పుడూ సరిపోతుంది. పొరపాటు జరిగేది డిగ్రీ దగ్గర.

ఇంటర్ పిల్లలకు బాగా పరిచయమున్న ఒక లెక్క చూద్దాం.

(y″ + (y′)³)^(6/5) = 6y

ఇందులో అన్నిటికన్నా పెద్ద డెరివేటివ్ y″. కాబట్టి ఆర్డర్ 2, సందేహం లేదు. డిగ్రీ కోసం చాలామంది ముందు భిన్నాన్ని వదిలించుకోవాలని చూస్తారు. ఇరువైపులా అయిదో ఘాతం చేస్తే ఎడమవైపు బ్రాకెట్ మీద 6 మిగులుతుంది. విప్పితే (y″)⁶ వస్తుంది. డిగ్రీ 6 అని రాసేస్తారు. ఆప్షన్లలో 6 ఉంటే ఇక అనుమానమే రాదు.

సరైన జవాబు 1. ఇరువైపులా 5/6 ఘాతం చేస్తే సమీకరణం y″ + (y′)³ = (6y)^(5/6) అవుతుంది. ఇక్కడ y″ మీద ఉన్న ఘాతం ఒకటే. కుడివైపు y మీద 5/6 అనే భిన్నం మిగిలిందే అన్న సందేహం సహజం. కానీ డిగ్రీ నిర్వచనం పట్టించుకునేది డెరివేటివ్‌లను మాత్రమే. సమీకరణం డెరివేటివ్‌లలో బహుపదిగా ఉండాలి, అంటే y′, y″ లాంటి వాటి మీద ధన పూర్ణాంక ఘాతాలే ఉండాలి. విడిగా ఉన్న x, y ల మీద వర్గమూలం ఉన్నా, సైన్ ఉన్నా దానికి అడ్డు లేదు.

ఇప్పుడు దీని పక్కన ఇంకో సమీకరణం పెడదాం.

(1 + (y′)²)^(3/2) = r·y″

చూపుకు ఇదీ అలాంటిదే. బ్రాకెట్ ఉంది, దాని మీద భిన్న ఘాతం ఉంది. ఆ 3/2ను పై లెక్కలోలాగే అవతలికి పంపితే కుడివైపు (y″)^(2/3) వచ్చి కూర్చుంటుంది. డెరివేటివ్ మీద మళ్లీ భిన్నమే. కాబట్టి ఇక్కడ వర్గం చేయక తప్పదు: (1 + (y′)²)³ = r²(y″)². ఆర్డర్ 2, డిగ్రీ కూడా 2. ఎడమవైపు విప్పితే (y′)⁶ వస్తుంది గానీ దానికి లెక్కలో చోటు లేదు. డిగ్రీ ఎప్పుడూ అతి పెద్ద డెరివేటివ్ మీది ఘాతమే.

రెంటికీ తేడా ఒక్క ప్రశ్నలో తేలిపోతుంది. బ్రాకెట్ మీద భిన్న ఘాతం కనిపించినప్పుడు, సమాన గుర్తుకు అవతలి వైపు డెరివేటివ్ ఉందా? లేకపోతే ఘాతాన్ని మొత్తంగా అవతలికి నెట్టేయొచ్చు. ఉంటే భిన్నం పోయేదాకా ఇరువైపులా ఘాతం పెంచాల్సిందే.

ఈ రెండో సమీకరణం ఊరికే పుట్టింది కాదు. r వ్యాసార్ధం ఉన్న వృత్తాలన్నిటికీ కలిపి రాసిన సమీకరణం అది. (x − h)² + (y − k)² = r²లో r ముందే తెలుసు, కేంద్రాన్ని చెప్పే h, k మాత్రం ఎలాగైనా మారొచ్చు. ఆ రెంటినీ తొలగించాలంటే రెండుసార్లు అవకలనం చేయాలి. అందుకే ఆర్డర్ 2. డిగ్రీ 2 కావడానికీ బొమ్మలో కారణం కనిపిస్తుంది. వృత్తం కింది సగం పైకి వంగి ఉంటుంది, అక్కడ y″ ధనం. పై సగం కిందికి వంగి ఉంటుంది, అక్కడ y″ ఋణం. 3/2 ఘాతంతో, ధనమైన rతో రాసిన రూపం కింది సగానికే సరిపోతుంది. వర్గం చేసిన రూపంలో రెండు సగాలూ ఇముడుతాయి.

కొన్నిటికి డిగ్రీయే ఉండదు. y″ + sin(y′) = 0లో y′ సైన్ లోపల చిక్కుకుంది. ఎంత తిప్పినా బహుపది కాదు. ఆర్డర్ 2, డిగ్రీ నిర్వచితం కాదు. అయితే డెరివేటివ్ ఏదో ప్రమేయం లోపల ఉంటే చాలు, డిగ్రీ లేదని తేల్చేయకూడదు. log(y′) = x + yలో y′ ఒక్కటే లోపల ఉంది, బయటికి లాగొచ్చు: y′ = e^(x+y). డిగ్రీ 1. ఇక్కడా అడగాల్సింది అదే. ప్రమేయాన్ని అవతలికి పంపితే, అక్కడ దాని కింద ఇంకో డెరివేటివ్ పడుతుందా?

సాధన రూపం అడిగే ప్రశ్నల్లో ముందు లెక్కపెట్టాల్సింది స్థిరాంకాలను. సాధారణ సాధనలో ఇష్టమొచ్చిన విలువ తీసుకోగల స్థిరాంకాలు ఎన్నో, ఆర్డర్ అంత. కానీ అచ్చులో కనిపించే c లన్నీ విడివిడి స్థిరాంకాలు కావు. y = c₁e^(x + c₂) + c₃లో మూడు కనిపిస్తాయి. c₁, e^(c₂) ల లబ్ధం ఒకే స్థిరాంకం కాబట్టి నిజానికి ఉన్నవి రెండే. ఆర్డర్ 2.

చూడగానే సాధన చెప్పేయగల సమీకరణం ఒకటుంది.

y = x·y′ + a/y′

18వ శతాబ్దపు ఫ్రెంచి గణితజ్ఞుడు అలెక్సిస్ క్లెరో పేరుతో పిలిచే రకం ఇది. y′ ఉన్న ప్రతిచోటా c రాస్తే సాధారణ సాధన సిద్ధం: y = cx + a/c. ఇంటర్ విద్యార్థికి ఇది పాత చుట్టమే. c బదులు m రాస్తే, y² = 4ax పరావలయానికి గీసే స్పర్శరేఖల సమీకరణం. ఆర్డర్ 1, స్థిరాంకమూ ఒకటే. డిగ్రీ మాత్రం 1 కాదు. హారంలో ఉన్న y′ తో గుణిస్తే y·y′ = x(y′)² + a వస్తుంది, డిగ్రీ 2. దీనికీ బొమ్మ తోడుంది. పరావలయం బయట ఏ బిందువు తీసుకున్నా అక్కడి నుంచి రెండు స్పర్శరేఖలు పోతాయి. ఒకే బిందువు దగ్గర y′ కు రెండు విలువలు ఉంటాయన్న మాట.

ఈ రకం ప్రశ్నల్లో ఆప్షన్లుగా y = cx + a/c, y² = 4ax రెండూ ఇస్తే విద్యార్థి తడబడతాడు. రెండోదాన్ని ప్రతిక్షేపించి చూస్తే y′ = 2a/y. అప్పుడు x·y′ విలువ y/2, a/y′ విలువా y/2. కలిపితే y. పరావలయం కూడా సమీకరణాన్ని తృప్తిపరుస్తుంది! కానీ అందులో c లేదు, cకి ఏ విలువ ఇచ్చినా ఆ సరళరేఖల కుటుంబం నుంచి అది పుట్టదు. స్పర్శరేఖలన్నీ తాకే వక్రం అది. ప్రశ్నలో 'సాధారణ సాధన' అని ఉంటే జవాబు సరళరేఖలది. 'సాధన కానిది ఏది' అని ఉంటే ఈ రెండూ పక్కన పెట్టి మిగిలిన ఆప్షన్లు చూడాలి.