డెబిట్ అంటే తగ్గడమేనా?

ఖాతాలోంచి డబ్బు పోగానే ఫోన్‌కు ‘డెబిటెడ్’ అని మెసేజ్ వస్తుంది. డెబిట్ అంటే తగ్గడమేనన్న అపోహ అక్కడే పుడుతుంది. నిజానికి ఆ మాట బ్యాంకు తన పుస్తకం చూసుకుని రాసినది.

ఒక కిరాణా వ్యాపారి గల్లాపెట్టెలోని 10,000 రూపాయలు బ్యాంకులో వేశాడనుకుందాం. అతని పుస్తకంలో బ్యాంకు ఖాతా ఒక ఆస్తి. ఆస్తి పెరిగితే డెబిట్ కాబట్టి దానికి 10,000 డెబిట్ రాస్తాడు. తగ్గిన నగదు ఖాతాకు అంతే క్రెడిట్. బ్యాంకుకు మాత్రం ఆ డిపాజిట్ తిరిగివ్వాల్సిన అప్పు. అప్పు పెరిగితే క్రెడిట్. అందుకే మెసేజ్‌లో ‘క్రెడిటెడ్’!

డెబిట్ అంటే ఖాతాకు ఎడమ పక్క, క్రెడిట్ అంటే కుడి పక్క, అంతే. ఆస్తులు, ఖర్చులు ఎడమన పెరుగుతాయి. అప్పులు, పెట్టుబడి, ఆదాయం కుడిన.

నెలాఖరున వ్యాపారి పుస్తకంలో బ్యాంకు ఖాతా డెబిట్ నిల్వ, బ్యాంకు స్టేట్‌మెంట్‌లో క్రెడిట్ నిల్వ ఒకే మొత్తం చూపిస్తే లెక్క కుదిరినట్టే.