లాభం జూన్‌లో, డబ్బు ఆగస్టులో

స్కూలు యూనిఫారాలు కుట్టే చిన్న యూనిట్లకు ఏప్రిల్, మే నెలల్లో ఊపిరి సలపదు. జూన్ రెండో వారంలో బడులు తెరుస్తారు కాబట్టి ఆలోపే జతలు చేరిపోవాలి. సరిగ్గా ఆ రోజుల్లోనే, చేతినిండా పని ఉండగానే, యజమాని శనివారం కూలీ డబ్బు కోసం బావమరిదికి ఫోన్ చేస్తుంటాడు. ఆడిటర్ని అడిగితే లాభంలోనే ఉన్నారంటాడు. ఆ మాటా అబద్ధం కాదు. అమ్మకం బిల్లు రాసిన రోజునే లాభం పుస్తకంలోకి ఎక్కుతుంది. డబ్బు మాత్రం స్కూలు చెక్కు ఇచ్చి, అది మారిన రోజున వస్తుంది.

లెక్క కోసం విజయవాడలో ఓ యూనిట్ ఉందనుకుందాం. జత 600 రూపాయల చొప్పున 4,000 జతలకు ఆర్డరు వచ్చింది. అంటే 24 లక్షలు. జతకు గుడ్డ 280, కుట్టుకూలి 140, గుండీలు, దారం, అద్దె, కరెంటు, కటింగ్ మాస్టరు జీతం వగైరా 60. మొత్తం ఖర్చు 480, మిగిలేది 120. ఆర్డరు మీద 4 లక్షల 80 వేలు లాభం. కాదనుకునే బేరం కాదు.

ఇదే ఆర్డర్ని వారాల వారీగా పరిచి చూస్తే వేరే బొమ్మ కనిపిస్తుంది. ఏప్రిల్ మొదటి వారంలో బ్యాంకులో 5 లక్షలున్నాయి. స్కూళ్లు 20 శాతం అడ్వాన్సు కింద 4 లక్షల 80 వేలు ఇచ్చాయి. గుడ్డ ఖరీదు 11 లక్షల 20 వేలు. టోకు వ్యాపారి సగం సరుకు దించినప్పుడు, సగం నెల తిరిగాక ఇమ్మన్నాడు. కుట్టు ఎనిమిది వారాల పని. కూలి వారానికి 70 వేలు, మిగతా ఖర్చులు 30 వేలు, వెరసి లక్ష. మొదటి వారం చివర చేతిలో మిగిలేది 3 లక్షల 20 వేలు. అక్కడి నుంచి వారానికో లక్ష తరుగుతూ నాలుగో వారానికి 20 వేలకు దిగుతుంది. అయిదో వారంలో గుడ్డ బాకీ 5 లక్షల 60 వేలు కట్టాలి. దాంతో 6 లక్షల 40 వేలు లోటు. ఎనిమిదో వారానికి అది 9 లక్షల 40 వేలు. జతలు అప్పజెప్పి బిల్లు ఇచ్చాక కూడా అద్దె, జీతాలు ఆగవు గనక, వారానికి 30 వేల చొప్పున పన్నెండో వారానికి లోటు 10 లక్షల 60 వేలకు చేరుతుంది. స్కూళ్లు ఫీజులు వసూలయ్యాక జూన్ నెలాఖరున సగం, ఆగస్టులో సగం ఇస్తాయి.

ఈలోగా జీఎస్‌టీ. పై అంకెల్లో దాన్ని కలపలేదు. నెలనెలా రిటర్ను వేసేవారు జూన్ బిల్లుల మీద పన్ను జులై 20 లోపు కట్టాలి. స్కూలు మనకు డబ్బిచ్చిందా లేదా అన్నది అక్కడ ప్రశ్నే కాదు. ఈ ఆర్డరు మీద 5 శాతం అంటే లక్షా 20 వేలు. గుడ్డ మీద కట్టిన 56 వేలు తగ్గించుకున్నా ఇంకో 64 వేలు చేతి నుంచి పోతాయి.

ఇక్కడే చాలామంది చేసే పని, వచ్చే ఏడాది రెట్టింపు ఆర్డరు తెస్తే గట్టెక్కుతామనుకోవడం. 8,000 జతలకు ఇదే లెక్క వేయండి. లాభం రెట్టింపై 9 లక్షల 60 వేలు అవుతుంది. కానీ ఎనిమిదో వారం లోటు 9 లక్షల 40 వేల నుంచి దాదాపు 24 లక్షలకు పోతుంది. గుడ్డ, కూలి, అడ్వాన్సు రెట్టింపయ్యాయి గానీ సొంత డబ్బు ఆ 5 లక్షలే కదా.

అందుకే పదమూడు వారాల కాగితం. ఎక్సెల్ అయినా సరే, పొడుగు నోటు పుస్తకమైనా సరే. అడ్డంగా వారాలు, నిలువుగా ఆరంభ నిల్వ, రావలసినవి, ఇవ్వాల్సినవి, చివరి నిల్వ. ఒక వారం చివరి నిల్వే తర్వాతి వారం ఆరంభ నిల్వ. ఆరంభ నిల్వ అంటే బ్యాంకు యాప్‌లో కనిపించే అంకె కాదు. మనం ఇచ్చి ఇంకా మారని చెక్కులను అందులోంచి తీసేయాలి.

ఈ కాగితం నిలబడేదీ పడేదీ వసూళ్ల వరుస దగ్గరే. బిల్లు మీద 30 రోజులని రాసి ఉంటుంది. దాన్ని నమ్మి రాస్తే అంతా తారుమారు. ఒక్కో స్కూలుకు పోయినేడు బిల్లు ఇచ్చిన తేదీ, డబ్బు పడిన తేదీ పక్కపక్కన రాసుకోండి. ఒకరు నలభై రోజులకు ఇస్తారు, ఇంకొకరు తొంభైకి. వారి అలవాటు ప్రకారమే ఆ వారం గడిలో అంకె వేయాలి. కొత్త స్కూలైతే అలవాటు తెలియదు, ఆలస్యంగానే వేసుకోవాలి.

ఇవ్వాల్సిన వరుసలో మరిచిపోయేవి ఎప్పుడూ అవే: మిషన్ల లోను వాయిదాలో అసలు భాగం, ఇంటికి తీసుకునే ఖర్చు, చీటీ పాట వాయిదా. వీటిలో ఏదీ లాభనష్టాల పట్టీలో కనిపించదు, కానీ డబ్బు మాత్రం పోతుంది. తరుగుదల దీనికి తిరగేసి ఉంటుంది. పట్టీలో ఖర్చుగా కనిపిస్తుంది, జేబులోంచి పైసా కదలదు. దాన్ని ఈ కాగితంలో రాయకూడదు.

ప్రతి సోమవారం పోయిన వారం అంచనా పక్కన అసలు అంకె రాసి, చివర ఇంకో వారం చేర్చాలి. కూలి అంచనా పెద్దగా తప్పదు. వసూళ్లు వరుసగా మూడు వారాలు తక్కువ పడుతుంటే స్కూళ్ల మీద విసుక్కోవడం కంటే, మన అంచనాలో రోజులు పెంచుకోవడం మంచిది. మొదటి నాలుగయిదు వారాల అంకెలు గట్టివి. ఆ తర్వాతవి ఊహకు దగ్గర. అయినా గొయ్యి ఎక్కడుందో రెండు నెలల ముందే కనిపించడం చిన్న సంగతి కాదు.

మన యూనిట్ యజమానికి ఈ కాగితం ఫిబ్రవరిలోనే చేతిలో ఉంటే రెండు తలుపులు తెరిచే ఉంటాయి. అడ్వాన్సు 20 శాతం బదులు 40 అడిగితే, పన్నెండో వారం లోటు 10 లక్షల 60 వేల నుంచి 5 లక్షల 80 వేలకు దిగుతుంది. గుడ్డ రెండో సగానికి నెల బదులు రెండు నెలల గడువు దొరికితే, ఎనిమిదో వారం లోటు 9 లక్షల 40 వేల నుంచి 3 లక్షల 80 వేలకు దిగుతుంది. రెండూ కుదిరితే ఎనిమిదో వారం దాకా లోటే రాదు. బేరం ఆడగలిగేది ఆర్డరు ఒప్పుకోకముందే. గుడ్డ కత్తిరించాక ఆ పప్పులుడకవు.

మిగిలిన లోటుకు బ్యాంకు క్యాష్ క్రెడిట్. అందులో ఓ మెలిక ఉంది. మంజూరైన పరిమితి ఎంతైనా, వాడుకోగలిగేది నెలనెలా ఇచ్చే సరుకు, బాకీల పట్టీని బట్టే. డబ్బు కట్టని గుడ్డను బ్యాంకు మన సరుకుగా లెక్కించదు. 90 రోజులు దాటిన బాకీలనూ మామూలుగా పక్కన పెడుతుంది. అంటే స్కూలు మరీ ఆలస్యం చేస్తే, డబ్బు అవసరం ముదిరిన వేళకే పరిమితి కుదించుకుపోతుంది.

చట్టం అండ కూడా ఉంది. ఉద్యమ్‌లో నమోదైన చిన్న యూనిట్‌కు కొనుగోలుదారు రాతపూర్వక ఒప్పందం ఉన్నా 45 రోజులకు మించి బాకీ పెట్టకూడదని, పెడితే బ్యాంకు రేటుకు మూడు రెట్లు చక్రవడ్డీ కట్టాలని 2006 నాటి ఎంఎస్‌ఎంఈ చట్టం చెబుతోంది. కానీ వచ్చే జూన్‌లో మళ్లీ ఆర్డరు కావాలనుకునే స్కూలు మీద ఫిర్యాదు చేసేవారు తక్కువ. ఆ వడ్డీ నిబంధనను బిల్లు అడుగున అచ్చు వేయించడం మాత్రం ఖర్చులేని పని.

ఇంకొకటి. వారం చివర నిల్వ బాగానే ఉన్నా మధ్యలో చిక్కు రావచ్చు. కాగితంలో వారం సోమవారం నుంచి ఆదివారం దాకా ఉంటే, లోను వాయిదా బుధవారం కట్ అయి, స్కూలు చెక్కు శుక్రవారం మారిందనుకోండి. మొత్తం మీద సరిపోయినట్టే కనిపిస్తుంది, బుధవారం మాత్రం వాయిదా బౌన్స్ అవుతుంది. నిల్వ లక్ష లోపుకు దిగే వారాలను ఎర్ర సిరాతో గుర్తుపెట్టి, ఆ వారాలకు మాత్రం రోజువారీ లెక్క విడిగా వేసుకోవాలి.