ముగ్గురి జవాబును దాచడం ఎలా?

ఒక ఆసుపత్రిని ఊహించుకుందాం. సిబ్బంది అందరి ఫోన్లకూ ఒక సర్వే లింకు వచ్చింది. పేరు అడగలేదు, ఉద్యోగి నంబరు అడగలేదు. పనిచేసే విభాగం ఏది, ఆడా మగా అన్న రెండు వివరాలు తీసుకుని ప్రశ్నల్లోకి వెళ్లిపోయారు. వాటిలో ఒకటి: ‘గత 6 నెలల్లో మీ పై అధికారి మిమ్మల్ని నలుగురిలో అవమానించారా?’ సర్వే నెల రోజులు నడుస్తుంది. వచ్చిన జవాబులన్నీ ఒక డ్యాష్‌బోర్డులోకి చేరతాయి. రోజూ పొద్దున్నే అందులోని అంకెలు వాటంతటవే మారతాయి. విభాగాల అధిపతులందరూ దాన్ని చూడొచ్చు.

ఫార్మసీలో ఆడవాళ్లు ముగ్గురే. ముగ్గురూ ‘అవును’ అన్నారు. డ్యాష్‌బోర్డులో ‘ఫార్మసీ, మహిళలు: 3లో 3’ అని కనిపించిందంటే ఇక పేర్లు అడగకపోవడం వల్ల ఒరిగేదేమీ లేదు. ఎవరేమన్నారో ఆ అధికారికి తెలిసిపోయింది.

అందుకే చిన్న సంఖ్యలను చూపించకూడదన్న నియమం పుట్టింది. అమెరికాలో మెడికేర్ సమాచారాన్ని వాడుకునేవాళ్లు 1 నుంచి 10 వరకూ ఉన్న ఏ సంఖ్యనూ ప్రచురించకూడదు. బ్రిటన్‌లో డిగ్రీ ఆఖరి ఏడాది విద్యార్థులతో చేసే జాతీయ సర్వేలో ఒక కోర్సు నుంచి కనీసం 10 మంది జవాబివ్వాలి, అర్హులైన వాళ్లలో సగం మందైనా పాల్గొనాలి. అప్పుడే ఆ కోర్సు ఫలితం బయటికి వస్తుంది. 10 అన్నది గణితం తేల్చిన అంకె కాదు. ఒక్కో సంస్థ తనకు తాను గీసుకున్న గీత. కొందరు 5 దగ్గర గీస్తారు, కొందరు 20 దగ్గర. మన ఆసుపత్రి 10 పెట్టుకుందనుకుందాం. సోమవారం నాటికి వచ్చిన జవాబుల లెక్క ఇది.

| విభాగం | మహిళలు | పురుషులు | మొత్తం |
|---|---|---|---|
| నర్సింగ్ | 46 | 12 | 58 |
| ల్యాబ్ | 11 | 15 | 26 |
| ఫార్మసీ | 3 | 14 | 17 |
| ఎక్స్‌రే | 12 | 16 | 28 |
| మొత్తం | 72 | 57 | 129 |

ఇందులో 10 కన్నా తక్కువ ఉన్న గడి ఒక్కటే, ఫార్మసీ మహిళలది. దాన్ని దాచేశారు. కానీ పక్కనే ఫార్మసీ మొత్తం 17 అనీ, పురుషులు 14 అనీ ఉన్నాయి. తీసివేత వచ్చిన పిల్లవాడికైనా 3 దొరుకుతుంది. పోనీ 14నూ దాచుదామా? నిలువు వరుస ఉంది కదా: 72లోంచి 46, 11, 12 తీసేస్తే మళ్లీ 3.

ఈ దారులు మూయాలంటే దాచాల్సిన అవసరం లేని గడుల్ని కూడా దాచాలి. ఫార్మసీ గడులు రెండింటితోపాటు మరో విభాగంలోని గడులు రెండూ దాస్తే, ఏ అడ్డు వరుసలో చూసినా, ఏ నిలువు వరుసలో చూసినా దాగినవి రెండేసి ఉంటాయి. తీసివేతకు వాటి కూడిక దొరుకుతుంది తప్ప విడివిడి అంకె దొరకదు. ఏ విభాగాన్ని తోడుగా దాచాలో ప్రోగ్రామే ఎంచుకుంటుంది. పోయే సమాచారం తక్కువగా ఉండాలి కాబట్టి, జవాబులు తక్కువ వచ్చిన విభాగాన్ని పట్టుకుంటుంది. సోమవారం అది ల్యాబ్, 26 మందితో. కాబట్టి ఫార్మసీ, ల్యాబ్ గడులు నాలుగూ ఖాళీ. ఒక్కసారి ముద్రించి ఊరుకునే నివేదికైతే పని ఇక్కడితో అయిపోయేది.

డ్యాష్‌బోర్డు మర్నాడు మళ్లీ మారుతుంది. అసలు చిక్కు అక్కడ మొదలవుతుంది.

ఆ రోజు ల్యాబ్‌లో మరో ముగ్గురు పురుషులు జవాబిచ్చారు. ఇంకెవరూ ఇవ్వలేదు. మంగళవారం ఉదయానికి ల్యాబ్ మొత్తం 29కి చేరింది. ఇప్పుడు అన్నిటికన్నా చిన్న తోడు ఎక్స్‌రే, 28 మందితో. ప్రోగ్రాము తన నియమం ప్రకారమే ఎక్స్‌రే గడుల్ని దాచి, ల్యాబ్ గడుల్ని తెరిచింది. విడిగా చూస్తే సోమవారం పట్టికలో తప్పు లేదు, మంగళవారం పట్టికలోనూ తప్పు లేదు. రెండూ పక్కపక్కన పెట్టండి. ల్యాబ్ మహిళలు 11 అని మంగళవారం కనిపిస్తోంది. మహిళల మొత్తం రెండు రోజులూ 72 మీదే ఉంది, అంటే కొత్తగా మహిళలెవరూ జవాబివ్వలేదు. కాబట్టి సోమవారం కూడా ల్యాబ్‌లో 11 మందే. సోమవారం తెర మీద ఉన్న నర్సింగ్ 46, ఎక్స్‌రే 12 దీనికి కలిపి 72లోంచి తీసేస్తే మిగిలేది 3.

‘అవును’ అన్నవాళ్ల లెక్కా ఇదే దారిన బయటపడుతుంది. మహిళల్లో మొత్తం 31 మంది అవునన్నారు, అందులో నర్సింగ్ 20, ఎక్స్‌రే 4, ల్యాబ్ 4 అనుకోండి. మిగిలినవి 3. ఫార్మసీలో ముగ్గురికి ముగ్గురూ అవునన్నారని అధికారికి తెలిసింది. ఇందుకు అతను సిస్టమ్‌లోకి చొరబడాల్సిన పనిలేదు. రెండు రోజుల తెరను ఫోన్‌తో ఫొటో తీసుకుంటే చాలు.

దీనికి మందు ఉంది. ఏ గడులు దాగాలన్న నిర్ణయాన్ని రోజూ కొత్తగా తీసుకోకూడదు. సర్వే మొదలైనప్పుడే, జవాబుల సంఖ్యను బట్టి కాకుండా విభాగాల్లోని సిబ్బంది సంఖ్యను బట్టి దాచాల్సిన జాబితా రాసిపెట్టుకోవాలి. ఆ విడత ముగిసేదాకా దాన్ని మార్చకూడదు. ఒకసారి దాగిన గడి ఆ తర్వాత 10 దాటినా దాగే ఉండాలి.

ఇంకో రంధ్రం ఉంది. నాకు ఎక్కువ భయం దాని గురించే, ఎందుకంటే అక్కడ దాచాల్సిన చిన్న గడే కనిపించదు. దాగిన గడులు పక్కాగా స్థిరపడ్డాయనీ, ఎక్స్‌రే విభాగం తెర మీదే ఉంటోందనీ అనుకుందాం. బుధవారం ఎక్స్‌రే మహిళలు 12, అందులో అవునన్నవాళ్లు 4. గురువారం 13, 5. నాలుగు, అయిదు అన్న జవాబులను అలా చూపించవచ్చా అన్నది వేరే చర్చ. 10 మంది నియమం మాత్రం ఇక్కడ ఎక్కడా తప్పలేదు. అయితే ఆ విభాగంలో ప్రసూతి సెలవు నుంచి బుధవారమే తిరిగి వచ్చిన ఉద్యోగిని ఒక్కరే. సర్వే నింపమని ఆమెకు చెప్పింది ఆ అధికారే. ఆమె జవాబు ఏమిటో తెర చెప్పేసింది. కనీస పరిమితి గడిలో ఎంతమంది ఉన్నారో చూస్తుంది. నిన్నటికీ నేటికీ మధ్య ఎంతమంది చేరారో చూడదు.

అంకెల్ని 5కి దగ్గరగా సవరిస్తే తప్పించుకోవచ్చు కదా అని చాలామంది అనుకుంటారు. 12 ఉంటే 10 అని, 13 ఉంటే 15 అని చూపిస్తారు. సర్వే అంతా ముగిశాక ఒకేసారి చూపిస్తే ఇది బాగానే పనిచేస్తుంది. రోజూ మారే తెర మీద మాత్రం 10 ఉన్నచోట 15 వచ్చిన రోజు, అసలు అంకె 12 నుంచి 13కి దాటిందని ఊహించడం కష్టం కాదు. ఆ రోజు జవాబిచ్చింది ఒక్కరే అయితే ఇంకేం మిగిలింది?

కొందరు ప్రతి అంకెకూ కాస్త కల్తీ కలుపుతారు, ఒకటో రెండో యాదృచ్ఛికంగా పెంచడమో తగ్గించడమో చేస్తారు. ఇది బలమైన పద్ధతే, కానీ డ్యాష్‌బోర్డు మారిన ప్రతిసారీ కొత్త కల్తీ కలిపితే బెడిసికొడుతుంది. అసలు అంకె మారని గడిని 20 రోజులు రాసుకుని సగటు తీస్తే, పెరిగినవీ తగ్గినవీ ఒకదాన్నొకటి కొట్టేసుకుని నిజమైన అంకె పైకి తేలుతుంది. ఆస్ట్రేలియా గణాంక సంస్థ జనగణన పట్టికల కోసం తెచ్చిన ఉపాయం ఈ లోపాన్ని సరిచేస్తుంది. బ్రిటన్ గణాంక కార్యాలయం ఇంగ్లండ్, వేల్స్ 2021 జనగణనలో దాన్నే వాడింది. ఒక్కో మనిషి రికార్డుకూ శాశ్వతంగా ఒక యాదృచ్ఛిక సంఖ్య అంటించి ఉంచుతారు. ఒక గడిలోకి వచ్చిన మనుషుల సంఖ్యలన్నీ కలిపి, దాన్నుంచి ఆ గడికి ఎంత కల్తీ కలపాలో నిర్ణయిస్తారు. అదే గుంపును ఎన్నిసార్లు, ఏ దారిన అడిగినా అదే జవాబు వస్తుంది కాబట్టి సగటు తీసి లాభం లేదు. గుంపులోకి ఒక్కరు చేరినా ఆ కూడిక మారిపోతుంది, కల్తీ కూడా మారవచ్చు. అందువల్ల నిన్నటి అంకెను నేటి అంకెలోంచి తీసేసినా ఆ ఒక్కరి జవాబు కచ్చితంగా చేతికి రాదు.

ఒక ఆసుపత్రికో కాలేజీకో ఇంత యంత్రాంగం అక్కర్లేదు. వాళ్లకు నేను చెప్పేది ఒకటే: రోజూ మార్చకండి. ఒక గుంపులో కొత్తగా 10 జవాబులు పోగయ్యేదాకా ఆ గుంపు అంకెలు కదలకూడదు, ఆ గుంపు కలిసే మొత్తాలు కూడా కదలకూడదు. నెలలో రెండుసార్లు మారే డ్యాష్‌బోర్డు వల్ల ఏ అధికారికీ నష్టం లేదు. అవమానం జరిగిందా లేదా అన్నది గంటగంటకూ చూడాల్సిన విషయం కాదు.

మార్చేముందు ప్రోగ్రాము చేత ఒక పరీక్ష చేయించాలి. కిందటిసారి తెర మీద ఉన్న ప్రతి అంకెనూ భద్రపరిచి, ఇప్పుడు చూపించబోయే అంకెలోంచి తీసేయాలి. ఏ గడిలోనైనా తేడా 1 నుంచి 9 మధ్య వచ్చిందంటే కొత్త పట్టికను ఆపి పాతదాన్నే ఉంచాలి. మన ఆసుపత్రి ఈ పరీక్ష పెట్టుకుని ఉంటే, ల్యాబ్ ముగ్గురి వల్ల పురుషుల మొత్తం 57 నుంచి 60కి మారడంతోనే మంగళవారం పట్టిక ఆగిపోయేది.

దాచడం ఎక్కడ జరుగుతోందన్నది కూడా చూసుకోవాలి. చాలాచోట్ల అసలు అంకెలు చూసేవాళ్ల కంప్యూటర్‌దాకా వచ్చేస్తాయి, అక్కడ తెర మీద మాత్రం ఖాళీ గడి గీస్తారు. ‘ఎక్సెల్‌లో దించుకోండి’ అన్న బటన్ నొక్కితే మొత్తం బయటపడుతుంది. ఒక్కోసారి అంకెను దాచి శాతాన్ని వదిలేస్తారు. 66.7 శాతం అని ఉంటే జవాబిచ్చింది ముగ్గురో ఆరుగురో తొమ్మిదిమందో అని తెలుస్తుంది, 100 శాతం అని ఉంటే అంకెతో పనే లేదు. చిన్న అంకెలు సర్వర్ దగ్గరే ఆగిపోవాలి.

ఇంత చేశాక ఫార్మసీ ముగ్గురి సంగతేమిటి? వాళ్ల గోప్యత నిలబడింది, కానీ వాళ్ల మాట కూడా ఖాళీ గడిలోనే ఉండిపోయింది. సంఖ్యాబలం లేనివాళ్లకే ఎక్కువగా అన్యాయం జరిగే చోట ఇది చిన్న నష్టం కాదు. అందుకే వీలైనచోట దాచడం కన్నా కలపడం మేలని నేను గట్టిగా నమ్ముతాను. ఫార్మసీనీ ఎక్స్‌రేనీ మొదటినుంచీ ఒకే వరుసగా చూపిస్తే మహిళలు 15 మంది అవుతారు, అవునన్నవాళ్లు 7 మంది. పట్టికలో ఒక్క గడినీ దాచనక్కర్లేదు. అలా కలిపినా 10కి చేరని గుంపుల జవాబుల్ని రెండు మూడు విడతలు పోగుచేసి, ఏ నెలలో వచ్చాయో చెప్పకుండా, ఏడాది చివర ఆ విభాగాధిపతికి కాక అతని పైన ఉన్న అధికారికి అందించవచ్చు. ఆ అంకెలు ఎవరెవరు చూస్తారో సర్వే మొదటి పేజీలోనే సిబ్బందికి రాసి చెప్పాలి.