మైనస్ అంటే నెమ్మదించడమేనా?

బంతిని నిట్టనిలువుగా పైకి విసిరాం. పైకి వెళ్లేకొద్దీ దాని ఊపు తగ్గింది. ఒకచోట ఆగినట్టే ఆగి కిందికి మళ్లింది. అలా మళ్లే క్షణంలో బంతి త్వరణం ఎంత? ఇంటర్ విద్యార్థుల్ని అడిగితే చాలామంది తడుముకోకుండా ‘సున్నా’ అంటారు. వేగమే సున్నా అయ్యాక త్వరణం ఎక్కడిదన్నది వాళ్ల లెక్క. కానీ అక్కడ త్వరణం నిజంగా సున్నా అయితే బంతి కిందికి దిగే ప్రసక్తే ఉండదు. వేగమూ లేక, వేగాన్ని మార్చేదీ లేక, గాలిలోనే నిలిచిపోవాలి.

ఇంతే తరచుగా వినిపించే పొరపాటు ఇంకొకటి ఉంది. త్వరణం మైనస్ వచ్చిందంటే వస్తువు నెమ్మదిస్తోందని రాసేయడం. ఈ రెండు పొరపాట్లకూ మూలం ఒక్కటే. స్థానం, వేగం, త్వరణం అనే మూడింటి గుర్తులూ మూడు వేర్వేరు సంగతులు చెబుతాయి. మనం వాటిని కలిపేసి ఒకే సంగతిగా చదువుతున్నాం. ఒక్క బంతిని మొదటి నుంచి చివరిదాకా వెంబడిస్తే ఈ చిక్కు విడిపోతుంది.

అయిదంతస్తుల మేడ మీద పిట్టగోడ పక్కన నిలబడ్డామనుకుందాం. మన చెయ్యి నేలకు 15 మీటర్ల ఎత్తున ఉంది. బంతిని సెకనుకు 10 మీటర్ల వేగంతో పైకి విసిరాం. దిగేటప్పుడు గోడకు తగలకుండా నేరుగా నేల మీద పడేలా విసిరాం. గురుత్వ త్వరణం సెకనుకు సెకనుకు 9.8 మీటర్లు. లెక్క తేలిగ్గా ఉండటానికి దాన్ని 10 అనుకుందాం. గాలి నిరోధాన్ని ప్రస్తుతానికి పక్కన పెడదాం. నేలను సున్నాగా తీసుకుని, పైదిక్కును ప్లస్ అందాం. అప్పుడు t సెకన్ల తర్వాత బంతి ఎత్తు

h = 15 + 10t − 5t²

ప్రతి అర సెకనుకూ ఎత్తు ఎంతో, గడిచిన అర సెకనులో అది ఎంత మారిందో రాస్తే ఇలా వస్తుంది.

| సమయం (సెకన్లు) | ఎత్తు (మీటర్లు) | మార్పు (మీటర్లు) |
|---|---|---|
| 0 | 15 | |
| 0.5 | 18.75 | +3.75 |
| 1 | 20 | +1.25 |
| 1.5 | 18.75 | −1.25 |
| 2 | 15 | −3.75 |
| 2.5 | 8.75 | −6.25 |
| 3 | 0 | −8.75 |

మూడో నిలువు వరుసను పైనుంచి కిందికి చదవండి. ప్రతి అంకె దాని ముందున్న అంకె కంటే సరిగ్గా 2.5 తక్కువ. బంతి పైకి వెళ్తున్నప్పుడూ అంతే, మళ్లుతున్నప్పుడూ అంతే, నేలకు దూసుకొస్తున్నప్పుడూ అంతే. ఎత్తులో వచ్చిన మార్పును అర సెకనుతో భాగిస్తే ఆ వ్యవధిలోని సగటు వేగం వస్తుంది. అది +7.5, +2.5, −2.5, −7.5 అంటూ ప్రతి అర సెకనుకూ 5 చొప్పున, అంటే సెకనుకు 10 చొప్పున దిగుతోంది. ఆ మైనస్ 10 త్వరణం. వ్యవధిని అర సెకను నుంచి ఇంకా ఇంకా చిన్నది చేస్తూ పోతే ఈ తేడాలే అవకలజాలుగా తేలతాయి. ఎత్తుకు అవకలజం వేగం, v = 10 − 10t. వేగానికి అవకలజం త్వరణం, a = −10.

ఇప్పుడు గుర్తుల్ని చదువుదాం. స్థానం గుర్తు బంతి సున్నాకు ఏ పక్కన ఉందో చెబుతుంది. వేగం గుర్తు అది ఎటు పోతోందో చెబుతుంది. త్వరణం గుర్తు ఆ వేగం ఎటు మారుతోందో చెబుతుంది. బంతి వడి పెరుగుతోందా, తగ్గుతోందా అన్నది వీటిలో ఏ ఒక్క గుర్తూ ఒంటరిగా చెప్పలేదు. అది తెలియాలంటే వేగం, త్వరణం రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడాలి. గుర్తులు ఒకటే అయితే వడి పెరుగుతోంది. వేర్వేరైతే తగ్గుతోంది.

మన బంతికి మొదటి సెకనులో వేగం ప్లస్, త్వరణం మైనస్. కాబట్టి నెమ్మదిస్తోంది. సెకను దాటాక వేగం మైనస్, త్వరణం మైనస్. ఇప్పుడది జోరందుకుంటోంది. రెండో సెకను చివర చేతి ఎత్తుకు తిరిగొచ్చేసరికి వేగం −10. విసిరినప్పటి వడే, దిక్కు మాత్రం మారింది. నేలను తాకేముందు −20, అంటే గంటకు 72 కిలోమీటర్లు. ఈ మూడు సెకన్లలో త్వరణం గుర్తు ఒక్కసారి కూడా మారలేదు. అదే మైనస్ ముందు బంతిని నెమ్మదింపజేసింది, తర్వాత ఉరికించింది.

తికమకపడేది సరిగ్గా ఇక్కడే. −10 కంటే −20 చిన్న సంఖ్య. కాబట్టి గణితం భాషలో వేగం ‘తగ్గింది’. కానీ వడి 10 నుంచి 20కి పెరిగింది. వడి అంటే గుర్తు తీసేసిన వేగం. వేగాన్ని గ్రాఫు గీస్తే +10 దగ్గర మొదలై, సున్నాను దాటి, −20 దాకా ఒకే వాలుతో దిగే సరళరేఖ వస్తుంది. వడిని గీస్తే ఆ రేఖలో సున్నాకు దిగువన ఉన్న ముక్క పైకి మడతపడుతుంది. మొదటి సెకను దాకా దిగి, అక్కడి నుంచి అదే వాలుతో పైకి లేస్తుంది.

రెండు గుర్తులూ కలవాలన్న సూత్రాన్ని కంఠస్థం చేయనక్కర్లేదు, అవకలజమే దాన్ని పట్టిస్తుంది. వడి పెరిగితే దాని వర్గమూ పెరుగుతుంది, తగ్గితే తగ్గుతుంది. వడి వర్గం, వేగం వర్గం ఒకటే, v². కాలంతో అది మారే రేటు 2va. ఈ లబ్ధం ప్లస్ అయితే వడి పెరుగుతున్నట్టు, మైనస్ అయితే తగ్గుతున్నట్టు. ఇక లబ్ధం గుర్తు రెండు గుర్తులూ కలిశాయా లేదా అన్నదాని మీదే ఆధారపడుతుందని బడి పిల్లలకూ తెలుసు.

ఇక మొదట వేసిన ప్రశ్న. ఒకటో సెకను దగ్గర వేగం సున్నా, త్వరణం −10. బంతి అక్కడ కాసేపు ఆగి సేదదీరదు. +0.1 నుంచి −0.1కి పోతూ సున్నాను దాటుతుంది, అంతే. త్వరణం సున్నా కాకపోవడం వల్లే ఆ దాటడం జరిగింది. పంచాంగం చూసేవారికి ఇది కొత్త సంగతి కాదు. కుజుడు, శని వంటి గ్రహాలు వక్రగతి పట్టేముందు ఆకాశంలో నిలిచినట్టు కనిపిస్తాయి. అక్కడ వాటి గతి ప్లస్ నుంచి మైనస్‌కు మారుతూ సున్నాను దాటుతుంది. రెండవ భాస్కరుడు 1150లో రచించిన సిద్ధాంత శిరోమణిలో గ్రహాల ‘తాత్కాలిక గతి’ని చర్చించాడు. రోజు మొత్తానికి సగటు తీసిన గతి కాదు, ఆ క్షణానికి మాత్రమే చెందిన గతి. బంతి పైకొసన మనం చూస్తున్నదీ అలాంటి క్షణాన్నే.

ఈ మైనస్‌ను బంతి తనతో తెచ్చుకోలేదు, మనమే పెట్టాం. కిందిదిక్కును ప్లస్ అనుకుని, చేతిని సున్నాగా తీసుకుంటే స్థానం −10t + 5t², వేగం −10 + 10t, త్వరణం +10 అవుతాయి. ఈసారి మొదటి సెకనులో త్వరణం ప్లస్, అయినా బంతి నెమ్మదిస్తూనే ఉంది. వేగం, త్వరణం రెండింటి గుర్తులూ ఒకేసారి తిరగబడ్డాయి కాబట్టి వాటి లబ్ధం గుర్తు చెక్కుచెదరలేదు. దిక్కు మన ఇష్టం, వడి పెరగడం తగ్గడం మన ఇష్టం కాదు.

ఫోన్‌లో వీడియో తీసి ఈ పట్టికను సొంతంగా కట్టి చూడవచ్చు. గోడ మీద మీటరు గుర్తులు పెట్టి, వీడియోను ఫ్రేము ఫ్రేముగా ఆపుతూ ఎత్తులు రాసుకుంటే చాలు. అయితే ఒక ఉచ్చు ఉంది. సెకనుకు 30 ఫ్రేములు తీసే వీడియోలో ప్రతి ఫ్రేముకూ లెక్క కట్టారనుకోండి. మధ్య ఫ్రేములో ఎత్తు చదవడంలో ఒక్క సెంటీమీటరు తప్పినా త్వరణంలో 18 తేడా వస్తుంది. తేడాల తేడా తీసేటప్పుడు ఆ సెంటీమీటరు రెండవుతుంది, పైగా 1/30 వర్గంతో భాగించడమంటే 900తో గుణించడమే. అసలు విలువే 10 కాబట్టి గుర్తే తారుమారు కావచ్చు. త్వరణం ఒక ఫ్రేములో ప్లస్, మరుసటి ఫ్రేములో మైనస్ అంటూ గెంతుతుంటే లోపం కొలతలో ఉంది, బంతిలో కాదు. రెండేసి ఫ్రేములు వదిలి, పదో వంతు సెకనుకొకసారి చదివితే అదే సెంటీమీటరు తప్పు 2కి పడిపోతుంది.

కొలత సరిగ్గా ఉన్నా తేడాలు సమంగా రాకపోతే అది గాలి పని. తేలికైన ప్లాస్టిక్ బంతితో ఇది బాగా కనబడుతుంది. పైకి వెళ్లేటప్పుడు గాలి కూడా కిందికే లాగుతుంది, కాబట్టి త్వరణం పరిమాణం 10 దాటుతుంది. దిగేటప్పుడు గాలి పైకి నెడుతుంది, కాబట్టి 10 కంటే తగ్గుతుంది. చాలా ఎత్తు నుంచి పడితే వేగం పెరిగేకొద్దీ త్వరణం సున్నాకు చేరువవుతుంది, బంతి దాదాపు ఒకే వడితో దిగుతుంది. పైకొసన వేగం సున్నా, త్వరణం సున్నా కాదు. ఇక్కడ త్వరణం దాదాపు సున్నా, వేగం కాదు.

చివరికి బంతి నేలను తాకింది. సెకనుకు 20 మీటర్ల వేగంతో వచ్చి, 12 మీటర్ల వేగంతో పైకి లేచిందనుకుందాం. తాకిడి నూరో వంతు సెకను సాగిందనుకుందాం. పైదిక్కు ప్లస్ అన్న మన మొదటి లెక్కలో వేగం −20 నుంచి +12కి మారింది, అంటే 32 మార్పు. సగటు త్వరణం +3200, గురుత్వానికి 320 రెట్లు. తాకిడి మొదటి భాగంలో బంతి నేలకు నొక్కుకుంటూ ఇంకా కిందికే పోతోంది. వేగం మైనస్, త్వరణం ప్లస్, కాబట్టి అంత పెద్ద ప్లస్ కూడా బంతికి బ్రేకులే వేస్తోంది. రెండో భాగంలో బంతి తిరిగి తన ఆకారం పొందుతూ పైకి లేస్తుంది. వేగమూ ప్లస్ అయింది కాబట్టి అదే ప్లస్ ఇప్పుడు దాన్ని ఉరికిస్తుంది. గాలిలో ఉన్నంతసేపూ మైనస్ చేసిన రెండు పనుల్నీ నేల మీద నూరో వంతు సెకనులో ప్లస్ చేసింది.